ఫిర్యాదు అందిందన్నారు సరే, గడువేది?

గుంటూరు, విజయవాడల నుంచి ఆన్‌లైన్‌లో పచ్చళ్లు, కారప్పొడులు అమ్మేవాళ్లకూ, కొన్నవాళ్లకూ మధ్య పాత తగువు మళ్లీ రేగింది. ఫిర్యాదు పెట్టిన నిమిషంలో ‘అందింది, త్వరలో సంప్రదిస్తాం’ అని మెసేజ్ వస్తుందనీ, ఆ తర్వాత ఉలుకూ పలుకూ ఉండదనీ, 24 గంటల్లో జవాబివ్వాలన్న నియమాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదనీ కొన్నవాళ్ల గోడు. ఒక్కరోజులో జవాబివ్వమని తమకు ఏ చట్టమూ చెప్పలేదనీ, 48 గంటల టైముందనీ అమ్మేవాళ్ల వాదన. చట్టంలో ఉన్న అంకె వరకు చూస్తే అమ్మేవాళ్లు చెప్పేది నిజమే. కానీ తగువు అసలు ఆ అంకె గురించి కాదు.

గడువు ఎంత అన్నదే కాదు, ఎప్పటి నుంచి అన్నదీ ముఖ్యమే. అది తెలియాలంటే ముందు ఏటీఎంల సంగతి చూడాలి. డబ్బు రాకుండానే ఖాతాలో కోత పడితే, ఫిర్యాదు అందిన నాటి నుంచి 12 పనిదినాల్లో తిరిగి జమ చేయాలనీ, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు చెల్లించాలనీ రిజర్వ్ బ్యాంకు 2009 జులైలో చెప్పింది. 2011లో ఆ 12ను 7 పనిదినాలకు కుదించింది. రెండుసార్లూ లెక్క మొదలయ్యేది ఫిర్యాదు అందిన రోజు నుంచే. అందుకే ఖాతాదారుకు ఫిర్యాదు నంబరూ, దాని మీద తేదీ ప్రాణంతో సమానం అయ్యాయి. అవి లేకపోతే ‘మీ ఫిర్యాదు మాకు మొన్ననే అందింది’ అని బ్యాంకు అంటే చేసేదేమీ లేదు.

రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన సర్క్యులర్ ఆ సందు మూసేసింది. లావాదేవీ జరిగిన రోజు నుంచి 5 రోజుల్లో డబ్బు వెనక్కి రావాలి. దాటితే రోజుకు 100 రూపాయలు ఖాతాదారు అడగకుండానే జమ కావాలి. ఆ ఏడాది అక్టోబరు 15 నుంచి ఇది అమల్లోకి వచ్చింది. గడువు ఎంత అన్న ప్రశ్న కంటే గడువు ఎప్పటి నుంచి అన్న ప్రశ్నే పెద్దదని అప్పుడు తేలింది. ఇప్పటి పచ్చళ్ల తగువులోనూ ముడి అక్కడే పడింది.

2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనలు రెండు గడువులు పెట్టాయి. ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. పెద్ద ప్లాట్‌ఫారాలకే కాదు, వాటిలో సరుకు పెట్టి అమ్మేవాళ్లకూ ఈ బాధ్యత ఉంది. ఇంట్లో పచ్చడి పెట్టినా, దాన్ని వ్యాపారంగా క్రమం తప్పకుండా అమ్ముతుంటే ‘నాది సొంత వ్యవహారం’ అని తప్పించుకోవడం కుదరదు. ఇక్కడ చాలామంది చదవకుండా దాటేసే మాట ఒకటుంది. నెల లెక్క ఫిర్యాదు అందిన తేదీ నుంచి మొదలవుతుంది, అమ్మేవాళ్లు జవాబిచ్చిన తేదీ నుంచి కాదు. రెండో రోజు దాకా ఆగి జవాబిచ్చినవాళ్లు తమ విచారణ టైమునే రెండు రోజులు తినేసుకుంటున్నారు. పైగా నిబంధన చెప్పింది గంటలు. ఆదివారం సెలవని అందులో లేదు.

మరి ఈ ‘24 గంటలు’ ఎక్కడి నుంచి వచ్చింది? 2021 ఐటీ నిబంధనల నుంచి. సోషల్ మీడియా వంటి మధ్యవర్తి సంస్థలు ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలని అందులో ఉంది. అది ఆ నిబంధనల ఉల్లంఘన మీద వచ్చే ఫిర్యాదులకు సంబంధించినది, ఆవకాయ జాడీకి కాదు. కొన్నవాళ్లు ఈ రెండింటినీ కలిపేశారు. అయినా ఒక్కరోజులో జవాబిచ్చే అలవాటు అమ్మేవాళ్లకే మేలు ఎందుకో ఒక ఉదాహరణలో చూద్దాం.

గుంటూరు నుంచి వెళ్లిన కిలో ఆవకాయ జాడీ హైదరాబాద్‌లో నూనె కారుతూ అందింది అనుకుందాం. కొన్నామె శనివారం రాత్రి 9.40కి ఫిర్యాదు పెట్టారు. ఆదివారం ఉదయమే ఆమెను మూడు ఫొటోలు అడగాలి: బయటి పెట్టె, మూత కింద సీల్, బ్యాచ్ నంబరు కనిపించేలా లేబుల్. సోమవారం రాత్రి అడిగితే పెట్టె చెత్తబుట్టలో, పచ్చడి వేరే డబ్బాలో ఉంటాయి. ఇక పొరపాటు కొరియర్‌దా, సీల్‌దా అన్నది ఎప్పటికీ తేలదు. పెట్టె మూల నలిగి, సీల్ బాగానే ఉండి జాడీ చిట్లితే దెబ్బ దారిలో తగిలినట్టు. పెట్టె చెక్కుచెదరకుండా మూత చుట్టూ మాత్రమే నూనె ఉంటే సీల్ సరిగ్గా అతుక్కోనట్టు. అప్పుడు అదే బ్యాచ్‌లో మిగిలిన జాడీల్ని ఒక పూటంతా కాగితం మీద తలకిందులుగా పెట్టి చూడాలి.

ఇక నిర్ణయం ఏ తేదీకి చెబుతామని రాయాలో చూద్దాం. కొరియర్ నుంచి జవాబు రావడానికి మూడు పనిదినాలు పడుతుందనుకుంటే సోమ, మంగళ, బుధ అయిపోతాయి. బ్యాచ్ పరీక్ష ఆలోపే అవుతుంది. నిర్ణయానికి గురువారం. ఒక రోజు అదనంగా ఉంచుకుని శుక్రవారం సాయంత్రం 6 అని చెప్పాలి. ఆదివారం వెళ్లే జవాబు ఇంత ఉంటే చాలు:

‘మీ ఫిర్యాదు నంబరు ఇది. ఆవకాయ జాడీ నూనె కారుతూ అందిందని రాశారు. పెట్టె, సీల్, లేబుల్ ఫొటోలు రేపు మధ్యాహ్నంలోగా పంపండి, పెట్టె పారేయకండి. కొరియర్‌నూ, మా ప్యాకింగ్‌నూ విచారించి శుక్రవారం సాయంత్రం 6 లోగా మా నిర్ణయం చెబుతాం. అప్పటికి తేలకపోతే ఎందుకు తేలలేదో, కొత్త తేదీ ఏదో అదే టైముకు చెబుతాం.’ కింద పేరు, ఫోన్ నంబరు.

ఇందులో తప్పు ఒప్పుకోవడమూ లేదు, డబ్బు వాపసు మాటా లేదు. మాట ఇచ్చింది తేదీకే గానీ ఫలితానికి కాదు. ఈ తేడా తెలియని చోట సిబ్బంది కస్టమర్ కోపం చల్లార్చడానికి ‘రెండు రోజుల్లో సెటిల్ చేస్తాం’ అనేస్తారు. కొరియర్ జవాబుకే మూడు రోజులు పడుతుందని వాళ్లకెవరూ చెప్పి ఉండరు.

బూజు, పుల్లటి వాసన, ఉబ్బిన మూత ఉన్నాయని రాస్తే మాత్రం ఈ వరస పనికిరాదు. జవాబు కంటే ముందు ఆ బ్యాచ్ రవాణా ఆపాలి, ఆ జాడీ తినొద్దని ఫోన్‌లోనే చెప్పాలి.

అమ్మేవాళ్లలో కొందరు చేసే పని ఇంకొకటి ఉంది. ఫొటోలు రాలేదని ఆ ఫిర్యాదును మూసేసి, కస్టమర్ మళ్లీ రాస్తే కొత్త నంబరు ఇస్తారు. వాళ్ల లెక్కల్లో అన్నీ గడువులోపే తేలినట్టు కనిపిస్తాయి. కొన్నామె ఫోన్‌లో మాత్రం శనివారం 9.40 నాటి మెసేజ్ అలాగే ఉంటుంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పినా, వినియోగదారుల కమిషన్‌కు వెళ్లినా ఆమె చూపేది అదే. 2019 నాటి వినియోగదారుల చట్టం ప్రకారం ఆమె తాను ఉండే ఊళ్లోనే కేసు వేయవచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు. ఒక జాడీ ఆవకాయ కోసం గుంటూరు వ్యాపారి హైదరాబాద్‌ కమిషన్‌లో జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. మొదటి ఫిర్యాదు ఎప్పుడు అందింది, దానికి ఏ తేదీ ఇచ్చారు అన్న ప్రశ్న అక్కడ రాకపోదు. ‘త్వరలో’ అని మాత్రమే రాసి పంపిన వ్యాపారి దగ్గర ఆ ప్రశ్నకు చూపడానికి కాగితం ఉండదు.