కార్డ్ లేకుండా గేమింగ్: పాతికేళ్లుగా అడ్డుపడుతున్నది చిప్ కాదు, మెమరీ

"కొత్త ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ చాలా బాగుందట కదా, ఇంక వేరే గ్రాఫిక్స్ కార్డ్ ఎందుకు?" పీసీ కట్టించుకోవాలనుకునే వాళ్లు ఈ మధ్య ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఇది. ఈ మాట వినడం కొత్తేమీ కాదు. 2011లో విన్నాం, 2014లో విన్నాం, 2018లోనూ విన్నాం. ప్రతిసారీ అందులో కొంత నిజం ఉంది. ప్రతిసారీ ఒకే చోట ఆగిపోయింది కూడా. ఆ చోటు ఏమిటో తెలిస్తే ఈసారి ఎంతవరకు నమ్మాలో తేలిగ్గా అర్థమవుతుంది.

మొదట్లో ఈ గ్రాఫిక్స్ ప్రాసెసర్‌లో ఉండేది కాదు, మదర్‌బోర్డ్ మీది చిప్‌సెట్‌లో ఉండేది. 1999లో ఇంటెల్ తెచ్చిన 810 చిప్‌సెట్ నుంచి చాలా ఆఫీసు కంప్యూటర్లకు ఇదే దారి. తెర మీద బొమ్మ రావడానికి సరిపోయేది, గేమ్ పెడితే నీరసపడేది. 2006లో ఏఎండీ 540 కోట్ల డాలర్లు పెట్టి గ్రాఫిక్స్ చిప్‌ల కంపెనీ ఏటీఐని కొన్నప్పుడు చెప్పిన కారణమే ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండింటినీ ఒకే చిప్‌లో పెడతామని. 2011 జనవరిలో ఇంటెల్ శాండీ బ్రిడ్జ్‌తో ఆ పని చేసి చూపించింది. అదే ఏడాది మధ్యలో ఏఎండీ లానో వచ్చింది. గేమింగ్ విషయంలో లానోదే పైచేయి, కానీ పక్కన ఒక మామూలు కార్డ్ పెడితే వెనకబడేది.

ఎందుకు వెనకబడేది? గ్రాఫిక్స్ చిప్ చేసే పనిలో సగం లెక్కలు వేయడమైతే, మిగతా సగం మెమరీ నుంచి బొమ్మల డేటా తెచ్చుకోవడం, రాసుకోవడం. ఒక సెకనులో ఎన్ని గిగాబైట్లు తెచ్చుకోగలదన్నదే బ్యాండ్‌విడ్త్. కార్డ్ మీద ఉండే జీడీడీఆర్ మెమరీ ఈ పని కోసమే చేసింది, చిప్ పక్కనే సోల్డర్ చేసి ఉంటుంది. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ లేదు. మనం స్లాట్‌లో పెట్టే మామూలు ర్యామ్‌నే, అదీ ప్రాసెసర్‌తో పంచుకుని వాడుకోవాలి.

దీనికి నా దృష్టిలో అన్నిటికంటే మంచి సాక్ష్యం 2013 నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ 4. దాని లోపల ఉన్నది కూడా ఏఎండీ చేసిన, ప్రాసెసర్ గ్రాఫిక్స్ కలిసిన చిప్పే. వేరే కార్డ్ ఏమీ లేదు. రెండు నెలల తర్వాత, 2014 జనవరిలో, అదే కంపెనీ అదే తరం గ్రాఫిక్స్‌తో పీసీల కోసం కావేరి చిప్ తెచ్చింది. ప్లేస్టేషన్‌లో 8 జీబీ జీడీడీఆర్5 మెమరీ సెకనుకు 176 జీబీ అందించింది. కావేరికి డీడీఆర్3-2133 ర్యామ్ రెండు స్టిక్కులు పెట్టినా సెకనుకు 34 జీబీయే. ప్లేస్టేషన్ చిప్‌లో గ్రాఫిక్స్ కోర్లు కూడా రెట్టింపుకు పైగా ఉన్నాయి, నిజమే. కానీ కావేరిలో అన్ని కోర్లు పెట్టినా వాటికి మేత అందేది కాదు. అంటే కలిపి చేయడం చేతకాక కాదు. కొనుక్కునే వాడు తనకు నచ్చిన ర్యామ్ స్లాట్‌లో గుచ్చుకునే పద్ధతే అడ్డు.

ఈ అడ్డును దాటాలని ఇంటెల్ 2015లో ఒక ప్రయత్నం చేసింది. కోర్ ఐ7-5775సీలో 128 ఎంబీ ప్రత్యేక మెమరీని ప్రాసెసర్ ప్యాకేజీలోనే పెట్టింది. ఆనాటి ఏఎండీ చిప్‌లను గేమింగ్‌లో దాటేసింది కూడా. కానీ దాని ధర 360 డాలర్ల పైమాటే, ఆ డబ్బుకు చవక ప్రాసెసర్, కార్డ్ రెండూ వచ్చేవి. 2018లో ఇంకా విచిత్రం జరిగింది. ఇంటెల్ ప్రాసెసర్, ఏఎండీ గ్రాఫిక్స్, హెచ్‌బీఎం అనే చాలా వేగమైన మెమరీ 4 జీబీ, మూడూ ఒకే ప్యాకేజీలో వచ్చాయి. బాగానే పనిచేసింది. ఆ వరుస అక్కడితో ఆగిపోయింది, కొన్నవాళ్లు డ్రైవర్ అప్‌డేట్ల కోసం ఎదురుచూపుల్లో మిగిలారు.

సామాన్యుడి బడ్జెట్‌లో అసలు మార్పు వచ్చింది ఆ 2018 ఫిబ్రవరిలోనే, ఏఎండీ రైజెన్ 3 2200జీ (99 డాలర్లు), రైజెన్ 5 2400జీతో (169 డాలర్లు). అప్పట్లో అన్నిటికంటే చవకైన గేమింగ్ కార్డ్ ఎన్విడియా జీటీ 1030. దాని జీడీడీఆర్5 మెమరీ సెకనుకు 48 జీబీ ఇచ్చేది. 2400జీకి డీడీఆర్4-2933 ర్యామ్ రెండు స్టిక్కులు పెడితే వచ్చేది దాదాపు 47 జీబీ. గేమ్స్‌లో రెండూ ఇంచుమించు పక్కపక్కనే నడిచాయి. అదే ఏడాది ఎన్విడియా జీటీ 1030లోనే మామూలు డీడీఆర్4 మెమరీ ఉన్న రకం అమ్మకానికి పెట్టింది. పెట్టె మీద పేరు అదే, బ్యాండ్‌విడ్త్ మాత్రం 17 జీబీ కంటే తక్కువ. చాలా గేమ్స్‌లో సెకనుకు వచ్చే ఫ్రేమ్‌లు సగానికి పడిపోయాయి. తెలియక కొన్నవాళ్లకు కోపం రావడం న్యాయమే. మెమరీ మారిస్తే చిప్ తలరాత ఎలా మారుతుందో మాత్రం ఆ కార్డ్ ఉచితంగా పాఠం చెప్పింది.

ఇక ఇప్పటి సంగతి. 2024 జనవరి చివర్లో వచ్చిన రైజెన్ 7 8700జీలో రేడియాన్ 780ఎం గ్రాఫిక్స్ ఉంది. డీడీఆర్5-6000 ర్యామ్ రెండు స్టిక్కులతో సెకనుకు 96 జీబీ అందుతుంది. పోల్చడానికి 2019లో 149 డాలర్లకు వచ్చిన జీటీఎక్స్ 1650 తీసుకుందాం. దాని బ్యాండ్‌విడ్త్ 128 జీబీ. అంకెలు చెప్పినట్టే ఫలితం కూడా ఉంది: 8700జీ దాదాపు 1650 దగ్గరికి వస్తుంది, చాలా గేమ్స్‌లో కాస్త కింద ఆగుతుంది. వాలరెంట్, సీఎస్2, జీటీఏ 5 లాంటివి 1080పీలో హాయిగా ఆడుకోవచ్చు. కొత్త భారీ గేమ్స్ అయితే సెట్టింగ్‌లు బాగా తగ్గించి, దానికి తోడు తక్కువ రిజల్యూషన్ బొమ్మను పెంచి చూపే ఎఫ్‌ఎస్ఆర్ ఆన్ చేసి సర్దుకోవాలి. 2024లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ కార్డ్‌ది 168 జీబీ. అక్కడితో పోటీ అయిపోతుంది.

కాబట్టి బడ్జెట్ కార్డ్ అంటే ఏది అన్నదాన్ని బట్టి జవాబు ఉంటుంది. జీటీ 1030ని, 1050 టీఐని మార్చేసిందా అంటే, అవును, అనుమానం లేదు. 1650ని దాదాపుగా. అంతకు పైన లేదు. ఇందులో ఎవరూ పెద్దగా మాట్లాడని సగం ఇంకొకటి ఉంది. కింద నుంచి ప్రాసెసర్లు పైకి ఎక్కిన మాట ఎంత నిజమో, కార్డ్ కంపెనీలు కింది మెట్టును వదిలేసిన మాట కూడా అంతే నిజం. ఎన్విడియా డెస్క్‌టాప్‌కు ఆర్‌టీఎక్స్ 4050 తేనేలేదు. 2025లో వచ్చిన 5050 మొదలయ్యేదే 249 డాలర్ల దగ్గర. ఖాళీ చేసిన కుర్చీలో కూర్చోవడాన్ని గెలుపు అనాలా అన్నది నాకెప్పుడూ అనుమానమే.

డబ్బు లెక్క కూడా చూడాలి. 8700జీ విడుదల ధర 329 డాలర్లు. ఆ రోజుల్లో కోర్ ఐ3-12100ఎఫ్ సుమారు 100, ఆర్‌ఎక్స్ 6600 కార్డ్ సుమారు 200 డాలర్లకు దొరికేవి. ఆ జంట గేమ్స్‌లో 8700జీకి రెట్టింపుకు పైగా ఫ్రేమ్‌లు ఇచ్చేది. ఇదే వరుసలోని 229 డాలర్ల 8600జీ కొంత నయం. "ఇప్పటికి ప్రాసెసర్ గ్రాఫిక్స్‌తో సర్దుకుని, తర్వాత కార్డ్ వేసుకుంటా" అనే వాళ్లు గమనించాల్సింది ఇంకొకటి: ఈ చిప్‌లలో ఎల్3 క్యాష్, అంటే ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ, 16 ఎంబీయే, మామూలు రైజెన్ 5 7600లో అది 32 ఎంబీ. కార్డ్ స్లాట్‌కు డేటా నడిచే దారులు, అంటే పీసీఐఈ 4.0 లేన్లు, దొరికేవి ఎనిమిదే, 8500జీలో అయితే నాలుగే. రేపు మంచి కార్డ్ వేసినా అదే కార్డ్ 7600 మీద ఇచ్చినన్ని ఫ్రేమ్‌లు ఇక్కడ రావు. ముందే కార్డ్ ఆలోచన ఉంటే ఈ దారి నేను చెప్పను. చిన్న పెట్టెలో ఇమిడే పీసీ కావాలన్నా, కరెంటు పోతే చిన్న యూపీఎస్ మీదే నడవాలన్నా, 65 వాట్ల తరగతికి చెందిన ఈ చిప్‌కు తిరుగులేదు.

ల్యాప్‌టాప్‌లలో కథ వేరు. అక్కడ ర్యామ్‌ను బోర్డ్ మీదే సోల్డర్ చేయవచ్చు కాబట్టి వేగం పెంచడం సులువు. 2025 మొదట్లో ఏఎండీ ప్రకటించిన రైజెన్ ఏఐ మ్యాక్స్ చిప్‌లు మెమరీ దారిని మామూలు కంటే రెట్టింపు వెడల్పు చేసి సెకనుకు 256 జీబీకి తీసుకెళ్లాయి. వాటిలో పై రకం చిప్, ల్యాప్‌టాప్‌లకు వచ్చే ఆర్‌టీఎక్స్ 4060 సరసన నిలబడుతుంది. ప్లేస్టేషన్ 4 చేసిన పని పీసీకి రావడానికి పదకొండేళ్లు పట్టిందన్నమాట. అయితే ఇదే చిప్‌తో ఫ్రేమ్‌వర్క్ కంపెనీ అమ్మే చిన్న డెస్క్‌టాప్ మొదలయ్యిందే 1,099 డాలర్ల దగ్గర, ర్యామ్ తర్వాత పెంచుకునే వీలు లేదు. బడ్జెట్ అనే మాట ఇక్కడ చెల్లదు.

మన ఊళ్లలో ఇంజనీరింగ్‌లో చేరేటప్పుడు కొనే ల్యాప్‌టాప్‌లలో పరిస్థితి దీనికి తలకిందులు. ప్రాసెసర్ మంచిదే ఉంటుంది, ర్యామ్ మాత్రం 8 జీబీ ఒకే స్టిక్ వేసి ఇస్తారు. దాంతో బ్యాండ్‌విడ్త్ సగమైపోతుంది, గేమ్స్‌లో మూడో వంతు ఫ్రేమ్‌లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పోతాయి. ఇంటెల్ పదకొండో తరం నుంచి వచ్చిన ఐరిస్ ఎక్స్ఈ ల్యాప్‌టాప్‌లలో ఇది కళ్లకే కనిపిస్తుంది: ఒక్క స్టిక్ ఉంటే అదే చిప్ డివైస్ మేనేజర్‌లో Intel Iris Xe Graphics అని కాకుండా Intel UHD Graphics అని కనిపిస్తుంది. రెండో స్టిక్ వేస్తే పేరు దానంతట అదే మారుతుంది. మిగతా వాటిలో సీపీయూ-జెడ్ యాప్ తెరిచి మెమరీ ట్యాబ్ చూస్తే తెలుస్తుంది. డీడీఆర్5 అయితే 4 x 32-bit అని ఉండాలి, 2 x 32-bit అని ఉంటే సగం దారి మూసి ఉన్నట్టే.

8 జీబీలోంచే గ్రాఫిక్స్‌కు కూడా వాటా పోతుంది కాబట్టి విండోస్‌కు, గేమ్‌కు మిగిలేది ఇంకా తక్కువ. గేమ్ నడుస్తూ నడుస్తూ ఒక్కసారి రెండు క్షణాలు బిగుసుకుపోతుంటే చాలాసార్లు కారణం ఇదే. రెండు 8 జీబీ స్టిక్కులు కనీసం, రెండు 16 జీబీ అయితే నిశ్చింత. చిక్కల్లా, 2025 చివరి నుంచి ఏఐ సర్వర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. డిసెంబరులో మైక్రాన్ కంపెనీ మామూలు కొనుగోలుదారుల కోసం నడిపిన క్రూషల్ బ్రాండ్‌ను ఆపేస్తున్నట్టు ప్రకటించింది. కార్డ్ డబ్బు మిగిలిందనుకుంటే వేగమైన ర్యామ్ ఆ మిగులును తినేస్తోంది. ఈ దారి ఎంచుకునే వాళ్లు ప్రాసెసర్ ధర కంటే ముందు ఆ రోజు రెండు స్టిక్కుల డీడీఆర్5-6000 కిట్ ధర అడగాలి. ఆ తర్వాత పాత డీడీఆర్4 బోర్డ్ మీద ఒక చవక ప్రాసెసర్, సెకండ్ హ్యాండ్ ఆర్‌ఎక్స్ 6600 కలిపితే ఎంతవుతుందో పక్కన వేసుకుని చూడాలి.