గులాబీ రంగంతా మధ్య కార్బన్‌దే

విశాఖపట్నంలో రోజూ దినపత్రిక చదివేవారికి ఏసీబీ వార్తలు కొత్త కాదు. లంచం తీసుకుంటూ పట్టుబడిన ఉద్యోగి, ఆయన ముందు బల్ల మీద నోట్ల కట్ట, దాని పక్కన గులాబీ రంగు ద్రావణం ఉన్న సీసాలు. అక్కడ పని చేసిన రసాయనం పేరు ఫినాఫ్తలీన్. నోట్లకు ముందే పూసిన ఆ తెల్లటి పొడి కంటికి ఆనదు. నోట్లు పట్టుకున్న వేళ్లను సోడియం కార్బొనేట్ కలిపిన నీటిలో ముంచగానే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. ఇంటర్మీడియట్‌లో అంశమాపనం చేసినవారు ఇదే రంగును కోనికల్ ఫ్లాస్కులో చూసి ఉంటారు.

ఆమ్లంలో రంగు లేదు, క్షారంలో గులాబీ అని అందరం బట్టీ పట్టిందే. ఎందుకు అని అడిగితే, క్షారంలో అణువు హైడ్రోజన్ అయాన్లను కోల్పోతుంది కాబట్టి అనే జవాబు వస్తుంది. మాట నిజమే, కానీ దానితో ప్రశ్న తీరదు. వెనిగర్‌లోని అసిటిక్ ఆమ్లం కూడా క్షారంలో హైడ్రోజన్ అయాన్‌ను కోల్పోతుంది. దానికి ఏ రంగూ రాదు. ఫినాల్ సంగతీ అంతే. ఫినాఫ్తలీన్‌ను తయారుచేసేదే ఫినాల్ నుంచి. మరి విడిగా ఉన్నప్పుడు రంగు ఇవ్వని ఫినాల్ వలయాలు ఈ అణువులో చేరాక అంత గాఢమైన రంగు ఎలా ఇస్తున్నాయి?

1871లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ వాన్ బేయర్ థాలిక్ ఆన్‌హైడ్రైడ్, ఫినాల్‌ల మధ్య చర్య జరిపి ఈ పదార్థాన్ని తయారుచేశారు. అణువు మధ్యలో ఒక కార్బన్ పరమాణువు ఉంటుంది. దానికి మూడు బెంజీన్ వలయాలు అతుక్కుని ఉంటాయి. వాటిలో రెండింటి చివర ఫినాల్‌లో ఉన్నట్టే ఆక్సిజన్, హైడ్రోజన్ జంట ఉంటుంది. మూడో వలయం మాత్రం మధ్య కార్బన్‌కు రెండు దారుల్లో కలుస్తుంది. ఒకటి నేరుగా, రెండోది ఒక ఆక్సిజన్ పరమాణువు మీదుగా. ఆ ఆక్సిజన్ వల్ల అక్కడ ఐదు పరమాణువుల చిన్న వలయం ఏర్పడుతుంది. దీన్ని లాక్టోన్ వలయం అంటారు.

ఆమ్లంలోనూ మామూలు నీటిలోనూ అణువు ఉండేది ఈ రూపంలోనే. ఇప్పుడు మధ్య కార్బన్‌ను మాత్రమే చూద్దాం. దానికి పొరుగున నాలుగు పరమాణువులు ఉన్నాయి. మూడు వలయాల నుంచి మూడు కార్బన్లు, లాక్టోన్ నుంచి ఒక ఆక్సిజన్. నలుగురు పొరుగువారున్న కార్బన్ చుట్టూ బంధాలన్నీ ఒకే తలంలో ఉండవు. చతుర్ముఖి ఆకారంలో నాలుగు దిక్కులకూ విచ్చుకుంటాయి. ఆ కార్బన్ బయటి కక్ష్యలో ఉన్న నాలుగు ఎలక్ట్రాన్లూ ఈ నాలుగు బంధాలకే సరిపోతాయి. వలయాల్లో తిరిగే ఎలక్ట్రాన్లకు దారి ఇవ్వడానికి దాని దగ్గర ఏమీ మిగలదు. అందుకే ఒక వలయంలోని ఎలక్ట్రాన్లు పక్క వలయంలోకి పోలేవు. మూడు వలయాలూ ఒకే అణువులో ఉన్నా మూడు విడి బెంజీన్ వలయాల్లాగే ప్రవర్తిస్తాయి.

వలయానికే పరిమితమైన ఎలక్ట్రాన్‌ను పై శక్తిస్థాయికి లేపాలంటే చాలా శక్తి కావాలి. వీణ మీద మీటే తంత్రి పొడవు తగ్గితే స్వరం పైకి పోతుంది, పెరిగితే కిందికి దిగుతుంది. ఎలక్ట్రాన్ తిరిగే దారికీ అది పీల్చుకునే కాంతికీ ఉన్న సంబంధం దాదాపు అలాంటిదే. దారి పొట్టిగా ఉంటే ఎక్కువ శక్తి గల కాంతి కావాలి. లాక్టోన్ రూపం బాగా పీల్చుకునే కాంతి 275 నానోమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. అది అతినీలలోహితం. మన కంటికి కనిపించేది సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల వరకే. ఆ మేరలో ఈ అణువు దేన్నీ పీల్చుకోదు కాబట్టి ద్రావణానికి రంగు ఉండదు, పొడి తెల్లగా కనిపిస్తుంది.

క్షారం కలిపితే రెండు ఫినాల్ వలయాల చివర ఉన్న హైడ్రోజన్లు అయాన్లుగా వెళ్లిపోతాయి. పాఠ్యపుస్తకం ఆగేది ఇక్కడే, అసలు సంగతి మొదలయ్యేదీ ఇక్కడే. హైడ్రోజన్ పోయిన ఆక్సిజన్ మీద రుణావేశం మిగులుతుంది. అది తన ఎలక్ట్రాన్ జంటను వలయంలోకి నెడుతుంది. ఆ ఒత్తిడి వలయం మీదుగా సాగి మధ్య కార్బన్‌ను చేరుతుంది. అక్కడ కొత్తగా ద్విబంధం ఏర్పడాలి. కానీ కార్బన్ నాలుగు బంధాలకు మించి మోయలేదు. ఏదో ఒకటి వదులుకోక తప్పదు. అది వదులుకునేది లాక్టోన్ ఆక్సిజన్‌ను. వలయం తెరుచుకుంటుంది. బయటికి వచ్చిన ఆక్సిజన్ మూడో వలయం మీద కార్బాక్సిలేట్‌గా, రుణావేశంతో ఉండిపోతుంది.

ఇప్పుడు మధ్య కార్బన్‌కు పొరుగున మూడు పరమాణువులే ఉన్నాయి. ముగ్గురే పొరుగువారైతే బంధాలు ఒకే తలంలోకి వచ్చేస్తాయి. ఆ తలానికి పైనా కిందా ఎలక్ట్రాన్లు సాగడానికి ఒక కక్ష్యకం మిగులుతుంది. ఫినాల్ నుంచి వచ్చిన రెండు వలయాలూ దీని మీదుగా కలిసిపోతాయి. ద్విబంధం ఎడమ వలయం వైపు ఉందా కుడి వలయం వైపు ఉందా అంటే రెండు బొమ్మలూ సమానంగా సరైనవే. నిజమైన అణువు ఆ రెండింటి నడుమ ఉంటుంది. ఒక చివరి ఆక్సిజన్ నుంచి రెండో చివరి ఆక్సిజన్ దాకా ఎలక్ట్రాన్లకు ఒకటే దారి. కార్బాక్సిలేట్ ఉన్న మూడో వలయం పక్కకు మెలి తిరిగి ఉండడం వల్ల ఇందులో దాని పాత్ర తక్కువ.

దారి పొడవు పెరిగింది కాబట్టి ఎలక్ట్రాన్‌ను పైకి లేపడానికి ఇంతకుముందు కావలసిన దానిలో దాదాపు సగం శక్తి చాలు. అణువు పీల్చుకునే కాంతి 275 నానోమీటర్ల నుంచి 553 నానోమీటర్ల దగ్గరికి జరుగుతుంది. 553 అంటే ఆకుపచ్చ. తెల్లని కాంతిలో ఆకుపచ్చ పోతే మిగిలేవి ఎరుపు, నీలం. ఆ రెండూ కలిసి కంటికి చేరేదే ఈ గులాబీ రంగు.

ఈ మార్పు సుమారు పీహెచ్ 8.2 దగ్గర మొదలై 10 దగ్గరికి పూర్తవుతుంది. రామకృష్ణా బీచ్ నుంచి తెచ్చిన సముద్రపు నీటిలో చుక్క వేస్తే గులాబీ రాకపోవడానికి కారణం ఇదే. సముద్రపు నీరు క్షార గుణం గలదే, కానీ దాని పీహెచ్ దాదాపు 8.1. లాక్టోన్ వలయం తెరుచుకోవడానికి అది చాలదు. చుక్కలు ఎక్కువగా వేస్తే నీరు పాలలా తెల్లబడడం మాత్రం చూడవచ్చు. ఆల్కహాల్‌లో కరిగి ఉన్న లాక్టోన్ రూపం నీటిలో కరగలేక సన్నటి కణాలుగా విడిపోతుంది.

పసుపులో సున్నం కలిపితే ఎర్రబడటం మనకు తెలిసిందే. అక్కడా క్షారమే పని చేస్తుంది, కానీ తీరు వేరు. పసుపులోని కుర్కుమిన్‌లో ఎలక్ట్రాన్ల దారి మొదటి నుంచీ పొడవుగానే ఉంది, అందుకే అది ముందే పసుపుపచ్చగా ఉంటుంది. క్షారం ఆ రంగును ఎరుపు వైపు జరుపుతుంది, అంతే. ఫినాఫ్తలీన్‌లో దారి మధ్యలో తెగి ఉంది. అది కలిసినప్పుడే రంగు పుడుతుంది. అంశమాపనంలో ఒక్క చుక్క తేడాను కూడా కన్ను పట్టగలగడానికి ఇది చాలా సాయపడుతుంది. రంగు మారడాన్ని గుర్తించడం కన్నా, లేని రంగు రావడాన్ని గుర్తించడం తేలిక.

ఈ వివరణకు నాకు అన్నిటికన్నా బలంగా తోచే రుజువు పీహెచ్ కొలబద్ద రెండు చివరల్లోనూ దొరుకుతుంది. గులాబీగా ఉన్న ద్రావణంలో గాఢమైన సోడియం హైడ్రాక్సైడ్ ఇంకా పోస్తే రంగు పెరగదు, కొన్ని నిమిషాల్లో మెల్లగా వెలిసిపోతుంది. పీహెచ్ 13 దాటిన చోట హైడ్రాక్సైడ్ అయాన్ నేరుగా వచ్చి మధ్య కార్బన్‌కు అతుక్కుంటుంది. పొరుగువారు మళ్లీ నలుగురు అవుతారు, దారి మళ్లీ తెగుతుంది. ఇక గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో వేస్తే ఫినాఫ్తలీన్ నారింజ ఎరుపు రంగు ఇస్తుంది. అంత బలమైన ఆమ్లంలో లాక్టోన్ వలయం మరో విధంగా తెరుచుకుని, ధనావేశం మోసే మధ్య కార్బన్ ముగ్గురు పొరుగువారితో మిగులుతుంది. క్షారంలోనే రంగు అనే సూత్రం రెండు చివరలా తప్పింది. పొరుగువారు ముగ్గురైతే రంగు, నలుగురైతే లేదు అనే సూత్రం నాలుగు సందర్భాల్లోనూ నిలిచింది.

విశాఖలో ఈ అణువుకు మరో పని ఉంది. బీచ్ రోడ్డు, లాసన్స్ బే ప్రాంతాల్లోని పాత భవనాల్లో బాల్కనీ పెచ్చులూడి తుప్పు పట్టిన ఊచలు బయటపడటం చూస్తూనే ఉంటాం. మంచి కాంక్రీటులో కాల్షియం హైడ్రాక్సైడ్ ఉంటుంది, పీహెచ్ 12 పైనే. ఆ క్షారత ఉన్నంతకాలం ఊచ మీద పలుచని రక్షణ పొర నిలుస్తుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి లోపలికి చొచ్చుకుపోయి ఆ హైడ్రాక్సైడ్‌ను కాల్షియం కార్బొనేట్‌గా మారుస్తుంది. పీహెచ్ 9 కన్నా కిందికి పడిపోతుంది. ఎంత లోతు వరకు పడిపోయిందో తెలుసుకోవడానికి ఇంజనీర్లు కాంక్రీటును అప్పటికప్పుడు పగలగొట్టి, దుమ్ము దులిపి, ఆల్కహాల్‌లో కరిగించిన 1 శాతం ఫినాఫ్తలీన్ చల్లుతారు. లోపలి భాగం గులాబీ అవుతుంది. బయటి అంచు రంగు లేకుండా ఉండిపోతుంది. దుమ్ము దులపకపోతే లోపలి క్షారపు పొడి బయటి అంచు మీద పడి, అదీ గులాబీగా కనిపించి మోసం చేస్తుంది.

ఒక లెక్క చూద్దాం. 25 ఏళ్ల భవనంలో రంగు రాని అంచు 15 మిల్లీమీటర్లు, ఊచ మీద కాంక్రీటు మందం 25 మిల్లీమీటర్లు అనుకుందాం. కార్బన్ డయాక్సైడ్ చొచ్చుకుపోయే లోతు సుమారుగా కాలం వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. 25 వర్గమూలం 5 కాబట్టి ఈ కాంక్రీటు గుణకం 3. ఊచను చేరాలంటే 25ను 3తో భాగించి వర్గం చేయాలి. దాదాపు 69 ఏళ్లు. అంటే ఇంకా 44 ఏళ్ల వ్యవధి ఉందన్నమాట.

సముద్రం ఎదురుగా ఉన్న భవనానికి ఈ లెక్క ఒక్కదాన్నే నమ్మకూడదు. ఉప్పు గాలితో వచ్చే క్లోరైడ్ అయాన్, పీహెచ్ 12 ఉన్న చోట కూడా ఊచ రక్షణ పొరను ఛేదిస్తుంది. కానీ క్లోరైడ్ చాలా బలహీనమైన క్షారం. అది ఫినాల్ వలయాల నుంచి హైడ్రోజన్‌ను లాగలేదు, వచ్చిన రంగును పోగొట్టనూ లేదు. అందుకే ఊచ లోపల తుప్పు పడుతున్నా కాంక్రీటు నిండు గులాబీగానే కనిపించవచ్చు. దానికి వేరే పరీక్ష చేయాలి. కొత్తగా పగిలిన ముఖం మీద సిల్వర్ నైట్రేట్ ద్రావణం చల్లితే, క్లోరైడ్ తగినంత ఉన్న భాగం సిల్వర్ క్లోరైడ్ ఏర్పడి తెల్లబడుతుంది, లేని భాగం గోధుమ రంగుకు తిరుగుతుంది. తీరంలో కాంక్రీటును పరీక్షించేటప్పుడు ఒక ముక్క మీద ఫినాఫ్తలీన్, దాని పక్క ముక్క మీద సిల్వర్ నైట్రేట్ చల్లి, రెండు లోతులనూ ఊచ ఉన్న లోతుతో పోల్చి చూడాలి.