ఫొటోలో రిగ్రెషన్, పన్నెండు రోజుల వేట: అపోహలు - వాస్తవాలు

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో సొంత మరబోటు ఉన్న కుటుంబంలోని డిగ్రీ కుర్రాడు ఒకడు నాకు వాట్సాప్‌లో ఫొటో పంపాడు. ల్యాప్‌టాప్ తెరను ఫోన్‌తో తీసిన ఫొటో అది. వాళ్ల బోటు వెళ్లిన 22 వేటల లెక్కలు తీసుకుని, వేట సాగిన రోజులను బట్టి కాలిన డీజిల్ లీటర్లు ఎలా పెరుగుతాయో చెప్పే గీత కోసం ఎక్సెల్‌లో రిగ్రెషన్ చేశాడు. "మేడం, జూన్ 14తో వేట నిషేధం అయిపోతుంది. తర్వాత నాన్న పన్నెండు రోజుల వేటకు వెళ్తారు. డీజిల్ ఎంత పోయించాలో 95 శాతం నమ్మకంతో చెప్పగలమా?" అని అడిగాడు. ఫైలు పంపమంటే, అది స్నేహితుడి ల్యాప్‌టాప్‌లో ఉందని, అతను ఊరెళ్లాడని చెప్పాడు.

ఫొటోలో మనకు పనికొచ్చే అంకెలు ఇవి. దశాంశాలు కొంత కుదించాను.

```
Standard Error   210
Observations     22

            Coefficients  Standard Error  Lower 95%  Upper 95%
Intercept   150           142.2           -146.6     446.6
days        240           15.0            208.7      271.3
```

పన్నెండు రోజులకు అంచనా 150 + 240 × 12, అంటే 3030 లీటర్లు. ఇక్కడిదాకా గొడవ లేదు. దాని చుట్టూ ఎంత వెడల్పు పెట్టాలన్న దగ్గరే అపోహలన్నీ మొదలవుతాయి.

అపోహ: Lower 95%, Upper 95% అని ఎక్సెల్ ఇచ్చేసింది కదా, వాటితో లెక్క కడితే చాలు.

కుర్రాడు చేసింది ఇదే. Lower అంకెలతో −146.6 + 208.7 × 12 కట్టి 2358, Upper అంకెలతో 446.6 + 271.3 × 12 కట్టి 3702 తెచ్చాడు. కానీ ఆ రెండు నిలువు వరుసలు గుణకాలకు సంబంధించినవి. Intercept పక్కనున్న అంకెలు ఇంటర్‌సెప్ట్ ఎక్కడుండొచ్చో, days పక్కనున్నవి రోజుకు పెరిగే డీజిల్ ఎంత ఉండొచ్చో విడివిడిగా చెబుతాయి. ఆ రెండింటి పొరపాట్లు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. గీత డేటా మధ్య బిందువు గుండా పోవాలి కాబట్టి, వాలు కాస్త ఎక్కువైతే ఇంటర్‌సెప్ట్ దిగుతుంది. రెండూ ఒకేసారి పై అంచుకు చేరడం దాదాపు జరగదు. అందుకే 2358 నుంచి 3702 అనేది సగటుకు హద్దులు చెప్పే కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ కాదు, ఒక్క వేటకు హద్దులు చెప్పే ప్రెడిక్షన్ ఇంటర్వల్ కూడా కాదు.

ఇంకో ఉచ్చు కూడా ఈ ఫొటోలోనే ఉంది. Standard Error అనే పేరు రెండు చోట్ల కనిపిస్తుంది. పైన ఉన్న 210 ఒక్కో వేట గీత నుంచి సుమారుగా ఎంత పక్కకు జరుగుతుందో చెప్పే కొలత. కింద ఉన్న 15.0 రోజుల గుణకంలో ఉన్న అనిశ్చితి. ఒకదాని చోట ఇంకొకటి వేసేవాళ్లను చాలామందిని చూశాను.

అపోహ: అసలు డేటా లేకుండా ఫొటో చూసి ఇంటర్వల్ కట్టలేం.

కారణం ఒక్కటే (ఇక్కడ రోజులు) అయినప్పుడు కట్టగలం. మనకు తెలియనివి రెండే: రోజుల సగటు xbar, ఆ సగటు చుట్టూ రోజులు ఎంత చెదిరి ఉన్నాయన్న వర్గాల మొత్తం Sxx. రెండూ ఆ స్టాండర్డ్ ఎర్రర్లలోనే దాగి ఉన్నాయి.

```
Sxx  = (210 / 15.0)^2 = 196
xbar = sqrt(196 * ((142.2/210)^2 - 1/22)) = 9.0
```

అంటే ఆ 22 వేటల సగటు తొమ్మిది రోజులు. వర్గమూలం కాబట్టి −9 కూడా రావచ్చు గానీ, రోజులు రుణాత్మకం కావు.

ఫొటోలో అంకె మసకగా ఉంటే ముందు దాన్ని సరిచూసుకోవాలి. 22 వేటల్లోంచి రెండు గుణకాలకు రెండు తీసేస్తే స్వాతంత్ర్య పరిమాణాలు 20. ఎక్సెల్‌లో `=T.INV.2T(0.05,20)` అని కొడితే 2.086 వస్తుంది. 271.3, 208.7 మధ్య తేడాలో సగం 31.3. దాన్ని 2.086తో భాగిస్తే 15.0 రావాలి, వచ్చింది. 15.0ను 16.0 అని చదివి ఉంటే ఇక్కడే దొరికిపోయేది.

ఇంజిన్ హార్స్‌పవర్, సముద్రపు లోతు లాంటి కారణాలు కూడా చేరిస్తే ఈ దారి మూసుకుపోతుంది. గుణకాల పొరపాట్లు ఒకదానితో ఒకటి ఎలా ముడిపడ్డాయో చెప్పే కోవేరియన్స్‌లు కావాలి, అవి ఎక్సెల్ పట్టికలో రావు. అప్పుడు ఫైలు తెప్పించుకోవాల్సిందే.

అపోహ: 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ అంటే తర్వాతి వేట ఆ హద్దుల్లో పడే అవకాశం 95 శాతం.

నన్ను ఎక్కువగా బాధపెట్టే అపోహ ఇది, ఎందుకంటే దీని నష్టం నడిసంద్రంలో తెలుస్తుంది. రెండు లెక్కలూ పక్కపక్కన పెడతాను: CI అంటే కాన్ఫిడెన్స్ ఇంటర్వల్, PI అంటే ప్రెడిక్షన్ ఇంటర్వల్.

```
CI: 3030 ± 2.086 * 210 * sqrt(1/22 + (12-9)^2/196)     = 2898 – 3162
PI: 3030 ± 2.086 * 210 * sqrt(1 + 1/22 + (12-9)^2/196) = 2572 – 3488
```

తేడా అంతా వర్గమూలం లోపల ఉన్న ఆ 1 వల్లే. మొదటి లెక్క అడిగే ప్రశ్న: ఇలాంటి పన్నెండు రోజుల వేటలు ఎన్నో చేస్తే, వాటి సగటు డీజిల్ ఎంత? అక్కడ ఒకే అనిశ్చితి ఉంది, గీత సరిగ్గా ఎక్కడుందన్నది. రెండో లెక్క అడిగేది ఈ ఒక్క వేట గురించి. గీత ఎక్కడుందో కచ్చితంగా తెలిసినా, ఈసారి ఎదురుగాలి ఉందా, చేపల కోసం ఎంత దూరం తిరిగారు, వల ఎన్ని గంటలు లాగారు అన్నవాటిని బట్టి డీజిల్ మారుతుంది. ఆ 210 లీటర్ల చెదురు పూర్తిగా లెక్కలోకి వస్తుంది.

కుర్రాడి నాన్న కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ పై అంచు నమ్మి 3162 లీటర్లు పోయించారనుకుందాం. రెండో లెక్కలో 210ని వర్గమూలంతో గుణిస్తే 219.4 వస్తుంది, ఒక్క వేటకు ఉండే స్టాండర్డ్ ఎర్రర్ అదే. 132 లీటర్ల అదనాన్ని దానితో భాగిస్తే 0.6 వస్తుంది. టీ పంపిణీలో చూస్తే, అంతకు మించి అవసరపడే అవకాశం సుమారు 28 శాతం. నాలుగు వేటల్లో ఒకదానికి పైగా డీజిల్ చాలదన్నమాట. 95 శాతం అని పేరున్న ఆ ఇంటర్వల్‌లో ఒక్కో వేట పడే అవకాశం సగం కూడా లేదు, దాదాపు 45 శాతం.

కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ పనికిరానిదని కాదు. సీజన్ మొత్తానికి పన్నెండు రోజుల వేటకు సగటున ఎంత డీజిల్ ఖర్చు రాసుకోవాలన్నది ప్రశ్న అయితే, అదే సరైన జవాబు.

అపోహ: ఇంకా ఎక్కువ వేటల లెక్కలు చేరిస్తే రెండూ సన్నబడతాయి.

కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ సన్నబడుతూనే పోతుంది. ప్రెడిక్షన్ ఇంటర్వల్ మాత్రం, డేటా పెరిగేకొద్దీ 2.086 తగ్గి 1.96కు చేరుతుంది కాబట్టి, 1.96 × 210 దగ్గర, అంటే అటూ ఇటూ దాదాపు 412 లీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఇప్పుడు 458 ఉంది. వెయ్యి వేటలు రాసినా పెద్దగా లాభం లేదు. తగ్గించాలంటే ఆ 210నే తగ్గించాలి. అందుకు వల లాగిన గంటల వంటి కొత్త కారణాన్ని కొలవాలి.

ఫొటో చెప్పలేనివి కూడా ఉన్నాయి. ఎక్కువ రోజుల వేటల్లో చెదురు ఎక్కువైతే, 210 అనేది చిన్న వేటలకూ పెద్ద వేటలకూ కలిపి తీసిన కొలత కాబట్టి, పన్నెండు రోజులకు అది తక్కువ చూపిస్తుంది. సగటు కోసమైతే కొన్ని తప్పులు డేటా పెరిగేకొద్దీ సర్దుకుంటాయి. ఒక్క వేట కోసం కట్టే ఇంటర్వల్‌లో చెదురు ఆకారం తప్పైతే ఎంత డేటా ఉన్నా తప్పే. అందుకే స్నేహితుడు ఊరి నుంచి రాగానే, ఒక్కో వేట గీత నుంచి ఎంత పక్కకు పోయిందో చూపే రెసిడ్యువల్స్ గ్రాఫ్ గీసి పంపమన్నాను. నిషేధ కాలంలో ఇంజిన్ విప్పి బాగుచేయించారా అని కూడా అడిగాను. చేయిస్తే, పాత 22 వేటలు కొత్త వేటకు సరైన నమూనా కాకపోవచ్చు.

చివరిగా, కుర్రాడు అడిగింది నిజానికి ఒకవైపు ప్రశ్న. డీజిల్ మిగిలితే భయం లేదు, చాలకపోతేనే టెన్షన్. కాబట్టి 2.086 బదులు ఒకవైపు విలువ 1.725 తీసుకోవాలి: 3030 + 1.725 × 219.4, అంటే 3408 లీటర్లు. ఇంజిన్‌కు ఏమీ చేయించలేదంటే ఇదే రాసుకోమన్నాను. వాతావరణం చెడి మధ్యలో ఆగాల్సి వస్తే కావలసిన రిజర్వు ఇందులో లేదు, దాన్ని సరంగును అడిగి విడిగా కలుపుకోవాలి.