మూరెడు లోతులో ఏ మట్టి?

సంగారెడ్డి దగ్గరి ఒక ఊరి నుంచి ఈమధ్య ఒక యువ రైతు ఫోన్ చేశాడు. ఫోన్‌లో ఎక్కడో నేలల పటం చూశాడట. "సార్, పటంలో మా ఊరంతా ఎర్ర నేల అని ఉంది. మా చేను చూస్తే నల్లగా ఉంది. జిల్లాలు మార్చినప్పుడు పటం మార్చడం మర్చిపోయారా?" అని అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. బడిలో మనందరం జిల్లాల పటం ముందు పెట్టుకుని ఈ జిల్లాకు నలుపు, ఆ జిల్లాకు ఎరుపు అని రంగులు వేసినవాళ్లమే. "ఫలానా జిల్లాలో ఏ నేలలు ఉన్నాయి?" అనే ప్రశ్నకు ఒక ముక్కలో జవాబు రాస్తే మార్కులు వచ్చేవి. ఆ అలవాటు వల్లే నేల జిల్లాకు చెందినదన్న భావన మనసులో పాతుకుపోయింది.

తెలంగాణలో 2016లో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి. వీటి వల్ల నేలల పటంలో ఒక్క గీత కూడా జరగలేదు. ఆ గీతలను కింద ఉన్న రాయి, పైన ఉన్న వాలు కలిసి గీశాయి. అవి గీయడం మొదలుపెట్టి ఎంతకాలమైందో తెలియాలంటే హైదరాబాద్ నుంచి ముంబై రోడ్డు మీద జహీరాబాద్ దాకా ఒకసారి వెళ్లి రావాలి. ఏప్రిల్‌లో వెళితే ఇంకా మంచిది. పంటలు కోసేసి ఉంటారు కాబట్టి మట్టి రంగు దాచుకోకుండా కనిపిస్తుంది.

హైదరాబాద్ చుట్టూ ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న గుండ్రాళ్లు కనిపిస్తాయి. అవి గ్రానైట్, సుమారు 250 కోట్ల ఏళ్ల నాటివి. వాటి మధ్య ఉన్నది ఎర్ర చెల్క. సదాశివపేట వైపు వెళ్లేసరికి గుండ్రాళ్లు మాయమవుతాయి, భూమి చదునుగా పరుచుకుంటుంది, మట్టి నల్లబడుతుంది. అక్కడ కింద ఉన్నది బసాల్ట్. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కింద భూమి పగుళ్లలోంచి లావా పొంగి, పొర మీద పొరగా గట్టిపడి దక్కన్ పీఠభూమిలో చాలా భాగాన్ని కప్పేసింది. ఆ లావా దుప్పటి తూర్పు అంచు మన సంగారెడ్డి, వికారాబాద్ ప్రాంతాల మీదుగా పోతుంది. దుప్పటి కింద అదే పాత గ్రానైట్ ఉంది. దుప్పటి ఉన్నచోట నల్లరేగడి, లేనిచోట చెల్క. రాష్ట్రం హద్దు దాటి బీదర్‌కో నాందేడ్‌కో వెళ్లినా నల్లరేగడి అలాగే సాగుతుంది.

ఇక్కడే నన్ను ఎప్పటినుంచో ఆకట్టుకునే ఒక చిక్కుముడి ఉంది. మట్టికి ఎరుపు ఇనుము వల్ల వస్తుందని అందరికీ తెలుసు. మరి ఇనుము ఎక్కువగా ఉన్నది ఏ రాయిలో? వంద కిలోల గ్రానైట్‌లో ఇనుము ఆక్సైడ్ రెండు మూడు కిలోలు ఉంటే, దక్కన్ బసాల్ట్‌లో 12 కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. అంటే ఇనుము తక్కువ ఉన్న రాయి ఎర్ర మట్టిని, ఇనుము ఎక్కువ ఉన్న రాయి నల్ల మట్టిని ఇచ్చాయి. తలకిందులుగా ఉంది కదూ!

ఇనుము ఎంత ఉందన్నదాన్ని పక్కనపెట్టి, అది ఎక్కడ ఉందో చూస్తే ముడి విడిపోతుంది. గ్రానైట్ శిథిలమైనప్పుడు అందులోని క్వార్ట్జ్ కరగదు, ఇసుకగా మిగిలిపోతుంది. ఇసుక ఉంది కాబట్టి వాన నీరు చకచకా కిందికి దిగిపోతుంది. దిగేటప్పుడు కాల్షియం, మెగ్నీషియం, కొంత సిలికా కడుక్కుపోతుంది. మిగిలినవాటితో కయోలినైట్ అనే బంకమట్టి తయారవుతుంది. దాని అణువుల నిర్మాణంలో ఇనుముకు దాదాపు చోటు ఉండదు. చోటు దొరకని ఇనుము బయటే ఉండిపోయి, గాలి తగిలి తుప్పు పట్టి, ప్రతి ఇసుక రేణువుకూ పలచని ఎర్ర పూత పూస్తుంది. ఆ పూత పేరు హెమటైట్. గోడకు సున్నం వేసినట్టే, పూత ఎంత పలచనైనా పైకి కనిపించే రంగు దానిదే. అందుకే కొంచెం ఇనుముతోనే చేనంతా ఎర్రబారుతుంది.

బసాల్ట్‌లో కథ వేరు. అందులో క్వార్ట్జ్ దాదాపు ఉండదు, కాబట్టి ఇసుక మిగలదు. రాయి మొత్తం సన్నని బంకగా మారుతుంది. కాల్షియం, మెగ్నీషియం కావలసినంత ఉన్నాయి. మన మెట్ట ప్రాంతపు వానలు వాటిని పూర్తిగా కడిగేసేంత పెద్దవి కావు. ఇలాంటి చోట తయారయ్యే బంకమట్టి స్మెక్టైట్. దాని పొరల్లో ఇనుముకు చోటు ఉంది. ఇనుములో చాలా భాగం అక్కడే ఇరుక్కుపోతుంది, తుప్పుగా బయటికి రాదు. ఇక నలుపు ఎక్కడిది? కుళ్లిన మొక్కల పదార్థం ఈ బంక రేణువులను గట్టిగా అంటిపెట్టుకుని వాటిని నల్లగా మారుస్తుంది. నల్లగా ఉంది కాబట్టి సేంద్రియ పదార్థం దండిగా ఉందనుకుంటాం గానీ, రేగడిలో సేంద్రియ కర్బనం చాలాచోట్ల ఒక శాతం కూడా ఉండదు. కొద్దిపాటి కాటుక కన్నంతా నల్లగా చూపించినట్టు అన్నమాట.

స్మెక్టైట్ రేణువు తమలపాకుల కట్ట లాంటిది. ఆకుకూ ఆకుకూ మధ్య నీరు దూరుతుంది, కట్ట ఉబ్బుతుంది. ఎండితే కుంచించుకుపోతుంది. కయోలినైట్ కూడా ఆకుల కట్టే, కానీ జిగురుతో అంటించిన కట్ట. నీరు లోపలికి పోదు. ఎండాకాలంలో రేగడి చేను చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చడం, తొలకరికి అవి మూసుకుపోవడం, పదును తప్పితే నాగలి దిగకపోవడం, అన్నీ ఈ కట్ట చేసే పనులే. పైమట్టి నెర్రెల్లో రాలిపడి లోపలికి చేరుతుంది కాబట్టి ఈ నేల తనను తాను దున్నుకుంటుందని కూడా అంటారు. నల్లరేగడిలో ఇల్లు కడితే కలిసిరాదనే నమ్మకం చాలా ఊళ్లలో ఉంది. గోడలు పగలడం చూసి దోషం అనుకుని శాంతి చేయించినవాళ్లను నేను చూశాను. ఏడాదికోసారి ఉబ్బి కుంచించుకుపోయే నేల మీద లోతులేని పునాది వేస్తే గోడ పగలక ఏం చేస్తుంది? రేగడిని తవ్వితీసి మొరం నింపి కట్టిన ఇంటికి ఏ దోషమూ అంటడం లేదు.

అయితే రాయి పేరు తెలిస్తే నేల పేరు తెలిసిపోతుందనుకోకండి. అసలు ప్రశ్న ఏమిటంటే, నీరు కడిగి తీసుకుపోతోందా, తెచ్చి నిలుపుతోందా? జహీరాబాద్ దగ్గర కింద బసాల్టే, కానీ ఎత్తైన చదును మీద మట్టి ఇటుక రంగులో ఉంటుంది. వికారాబాద్ అనంతగిరి మీదా, బీదర్ పీఠభూమి మీదా అంతే. ఆ ఎత్తుల్లో నీరు నిలవలేదు. పాతకాలపు జోరు వానలకు కాల్షియం, మెగ్నీషియం, సిలికా అన్నీ కొట్టుకుపోయి, స్మెక్టైట్‌కు సరుకు లేకుండాపోయింది. మిగిలిన ఇనుము ఎర్రగా గట్టిపడి లాటరైట్ అయింది. దీనికి పూర్తిగా ఎదురైన సంగతి పటాన్‌చెరులోని ఇక్రిశాట్ క్షేత్రంలో చూడొచ్చు. ఒకే ఆవరణలో మెరక మీద ఎర్ర నేల, పల్లంలో నల్లరేగడి ఉన్నాయి. పైనుంచి కొట్టుకొచ్చిన సన్న బంక, కరిగిన కాల్షియం పల్లంలో నిలిచిపోతాయి.

నంద్యాల చుట్టూ కుందూ లోయలో బసాల్ట్ లేకపోయినా చిక్కటి నల్లరేగడి ఉంది. అక్కడి సున్నపురాయి, షేల్ రాళ్లు కావలసిన కాల్షియాన్నీ బంకనూ ఇచ్చాయి. కృష్ణా డెల్టా మట్టి కూడా నల్లనిదే, బరువైనదే. దాన్ని ఒండ్రు నేల అంటాం. కృష్ణ మహాబలేశ్వరం దగ్గర బసాల్ట్ కొండల్లో పుట్టి, దారి పొడవునా ఆ బంకను మోసుకొచ్చి దివిసీమ దాకా పరిచింది. నలుపు, ఎరుపు అనేవి రంగును బట్టి పెట్టిన పేర్లు. ఒండ్రు అనేది మట్టి ఎలా వచ్చిందో చెప్పే పేరు. రెండు వేర్వేరు కొలబద్దలను ఒకే జాబితాలో కలిపి పిల్లలకు నేర్పడం వల్లే "డెల్టా మట్టి నల్లగా ఉంది, మరి ఒండ్రు ఎలా అయింది?" అనే తికమక వస్తుంది.

మరి పటం ఎలా గీస్తారు? నాగ్‌పూర్‌లోని జాతీయ నేలల సర్వే సంస్థ రాష్ట్రాలవారీగా 1:2,50,000 స్కేలులో పటాలు తయారుచేసింది. ముందుగా భూగర్భ పటం, ఎత్తుపల్లాలు చూపే టోపోషీట్, ఎండాకాలపు ఉపగ్రహ చిత్రం ఒకదానిపై ఒకటి పెట్టి, ఒకే రాయి, ఒకే వాలు ఉన్న ప్రాంతాలను విడివిడి ముక్కలుగా గుర్తిస్తారు. ఇవి ఇంకా ఊహలే. తరువాత మెరక నుంచి పల్లం దాకా నడుస్తూ, తిప్పుడు బర్మాతో అక్కడక్కడా మట్టి తీసి చూస్తారు. మట్టి తీరు మారిన చోట మనిషి దిగేంత గుంత తవ్వుతారు. గోడను పైనుంచి కింది దాకా చదువుతారు. రంగును అచ్చు రంగుల పుస్తకంతో పోల్చి, తడి మట్టికి, పొడి మట్టికి విడిగా రాసుకుంటారు, ఎందుకంటే తడిస్తే ఎర్ర మట్టి కూడా ముదురుగా కనిపిస్తుంది. తడిమట్టిని వేళ్ల మధ్య నొక్కి పట్టీలా సాగదీస్తారు. రేగడి పొడుగ్గా సాగుతుంది, చెల్క మధ్యలోనే తెగిపోతుంది. రెండు చుక్కలు పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే నురగ వచ్చిందంటే సున్నం ఉన్నట్టు. చివరికి గుంతలు చెప్పినదాన్ని బట్టి మొదట ఊహించిన గీతలను సరిచేస్తారు.

ఆ గీత ఎంత ఖచ్చితం? ఈ స్కేలులో పటం మీద ఒక సెంటీమీటరు అంటే నేల మీద రెండున్నర కిలోమీటర్లు. అర మిల్లీమీటరు మందం ఉన్న గీత నేల మీద 125 మీటర్ల పట్టీ. ఒక మనిషి చేను ఆ గీత కిందే మునిగిపోతుంది. పైగా ఇంత చిన్న పటంలో రెండు వందల హెక్టార్ల కంటే చిన్న ముక్కను విడిగా చూపడం కష్టం. అందుకే "ఎర్ర నేల" అని రాసిన ముక్కలో నల్ల పల్లాలు కూడా కలిసి ఉంటాయి. పటంతో పాటు ఇచ్చే నివేదికలో ఆ విషయం రాసి ఉంటుంది, ఫోన్‌లో రంగు మాత్రమే చూస్తే తెలియదు.

ఆ రైతుకు ఇదంతా చెప్పి, "మీ చేను పల్లంలో ఉందా, మెరక మీద ఉందా?" అని అడిగాను. మెరక మీదే అన్నాడు. చుట్టూ గ్రానైట్ గుండ్లున్నాయి అన్నాడు. అలాంటి చోట నల్లరేగడి ఉండటం నాకు నమ్మబుద్ధి కాలేదు. గడ్డపారతో మూరెడు లోతు తవ్వి చూడమన్నాను. సాయంత్రానికి ఫొటో పంపాడు. పైన జానెడు నల్ల మట్టి, దాని కింద కత్తితో కోసినట్టు సూటి గీత, గీత కింద గరుకు ఎర్ర చెల్క. సహజంగా ఏర్పడిన నేలలో రంగు అంత ఠక్కున మారడం అరుదు. ఫొటో చూశాక మళ్లీ ఫోన్ చేసి అడిగితే అప్పుడు గుర్తొచ్చింది అతనికి. మిషన్ కాకతీయ రోజుల్లో ఊరి చెరువు పూడిక తీసినప్పుడు వాళ్ల నాన్న ట్రాక్టర్లతో ఆ నల్లమట్టిని తోలించి చేనంతా పరిచాడట.