ఎస్టర్‌కు ఒక్క ఈక్వివలెంట్ గ్రిగ్నార్డ్ వేస్తే కీటోన్ దగ్గర ఆగుతుందా?

అపోహ: ఎస్టర్‌కు సరిగ్గా ఒక ఈక్వివలెంట్ గ్రిగ్నార్డ్ లెక్కకట్టి వేస్తే కీటోన్ వస్తుంది.

రాదు. ఎంఎస్సీ ల్యాబ్‌లో ఏటా ఈ మాట వింటున్నాను. సీనియర్ల నోట్స్‌లో ఉందంటారు, చుక్కచుక్కగా వేస్తే ఆగుతుందంటారు. ఐస్ బాత్‌లో పెట్టి ఎంత మెల్లగా వేసినా ఆగదు.

మిథైల్ బెంజోయేట్‌కు PhMgBr కలిపామనుకోండి. మొదటి ఫినైల్ చేరాక మెథాక్సైడ్ బయటికి పోయి ఫ్లాస్కులోనే బెంజోఫినోన్ తయారవుతుంది. ఎస్టర్‌లో పక్కనున్న ఆక్సిజన్ ఎలక్ట్రాన్లు ఇచ్చి కార్బొనైల్ చురుకుదనాన్ని తగ్గిస్తుంది. కీటోన్‌కు ఆ అండ లేదు. అందుకే తర్వాత పడే గ్రిగ్నార్డ్ మిగిలిన ఎస్టర్‌ను వదిలేసి కీటోన్ మీదికే పోతుంది. 1.36 గ్రాముల ఎస్టర్‌కు, అంటే 10 మిల్లీమోల్స్‌కు, అంతే గ్రిగ్నార్డ్ వేస్తే చివరికి మిగిలేది దాదాపు సగం ఎస్టర్, 0.68 గ్రాములు. మిగతాది ట్రైఫినైల్‌మెథనాల్, మహా అయితే 1.30 గ్రాములు.

ఒకమ్మాయి ఐఆర్ తెచ్చి, "సార్, 1720 దగ్గర పీక్ ఉంది, కీటోన్ వచ్చినట్టేగా?" అంది. ప్రాజెక్ట్ గడువు దగ్గరపడి బాగా టెన్షన్‌లో ఉంది పాపం. బెంజోఫినోన్ పీక్ 1660 దగ్గర ఉండాలమ్మా, ఇది నీ ఎస్టరే అని చెప్పాను. ఫ్లాస్కు మూత తీస్తే మిథైల్ బెంజోయేట్ తీపి వాసన ఇంకా గుప్పుమంటోంది. తను చేసిన పనిలో పొరపాటేమీ లేదు, ప్లాన్ దగ్గరే తేడా వచ్చింది.

కీటోనే కావాలంటే ఎస్టర్‌ను వైన్‌రెబ్ అమైడ్‌గా, అంటే నైట్రోజన్ మీద మెథాక్సీ, మిథైల్ ఉన్న అమైడ్‌గా మార్చుకోండి. అక్కడ మొదటి చేరిక తర్వాత మెథాక్సీ ఆక్సిజన్ కూడా మెగ్నీషియంను పట్టుకుని ఉంచుతుంది. ఆమ్లం పోసేదాకా కీటోన్ బయటపడదు కాబట్టి రెండో దాడికి వీలుండదు. టర్షియరీ ఆల్కహాల్ కావాలంటే మాత్రం ఎస్టర్‌కు 2.2 ఈక్వివలెంట్లకు తగ్గకుండా వేయండి. అణువులో OH ఉంటే అది ముందే ఒక ఈక్వివలెంట్ తినేస్తుంది, దాన్నీ కలుపుకోవాలి.

అపోహ: ఎస్టర్ అంటే టర్షియరీ ఆల్కహాలే.

ఫార్మేట్ ఎస్టర్ అయితే సెకండరీ. ఇథైల్ ఫార్మేట్, బ్యూటైల్ మెగ్నీషియం బ్రోమైడ్ కలిస్తే 5-నోననాల్. ఫార్మాల్డిహైడ్‌తో ప్రైమరీ, మిగతా ఆల్డిహైడ్లతో సెకండరీ, కీటోన్లతో టర్షియరీ అన్నది మీకు తెలిసిందే.

అపోహ: ఏ టర్షియరీ ఆల్కహాల్‌నైనా ఎస్టర్ నుంచి చేయొచ్చు.

ఎస్టర్ ఒకే గుంపును రెండుసార్లు తగిలిస్తుంది. 2-ఫినైల్-2-బ్యూటనాల్ చూడండి: OH ఉన్న కార్బన్ మీద మిథైల్, ఇథైల్, ఫినైల్, మూడూ వేరు. కాబట్టి ఎస్టర్ పనికిరాదు, కీటోన్ దారే పట్టాలి. అసిటోఫినోన్‌కు EtMgBr, ప్రొపియోఫినోన్‌కు MeMgBr, బ్యూటనోన్‌కు PhMgBr, మూడింటితోనూ వస్తుంది. నేనైతే ప్రొపియోఫినోన్ దారి తీసుకుంటాను. EtMgBr కొన్నిసార్లు హైడ్రైడ్ ఇచ్చి కీటోన్‌ను సెకండరీ ఆల్కహాల్‌గా క్షయకరణం చేస్తుంది, మిథైల్‌కు బీటా హైడ్రోజన్ లేదు కనుక ఆ బెడద ఉండదు. వర్కప్‌కు గాఢ ఆమ్లం వద్దు, అమ్మోనియం క్లోరైడ్ ద్రావణం చాలు. లేదంటే ఈ ఆల్కహాల్ నీరు కోల్పోయి ఆల్కీన్ అయిపోతుంది.