డబుల్ జంప్‌లో ఒక ప్లస్ గుర్తు చేసే పని

మా అక్క కొడుకు సొంతంగా ఒక చిన్న గేమ్ రాస్తున్నాడు. మొన్న రాత్రి ఫోన్ చేశాడు. "మామయ్యా, డబుల్ జంప్ నొక్కితే ఒక్కోసారి బొమ్మ ఆకాశానికి ఎగిరిపోతోంది, ఒక్కోసారి అసలు లేవట్లేదు. కోడ్ మాత్రం ఒకటే!" కోడ్ పంపమన్నాను. రెండో గెంతు దగ్గర `=` ఉండాల్సిన చోట `+=` రాశాడు. `=` పాత వేగాన్ని తీసేసి కొత్తది పెడుతుంది, `+=` పాతదానికి కొత్తది కలుపుతుంది. గాల్లో ఉండగానే రెండోసారి గెంతే డబుల్ జంప్‌కీ, గోడను తన్ని గెంతే వాల్ జంప్‌కీ, పరుగు వేగాన్ని గెంతులోకి తెచ్చే మొమెంటమ్‌కీ ఉన్న తేడా చాలావరకు ఆ ఒక్క గుర్తులోనే ఉంది.

వాడి గేమ్‌లో గెంతు వేగం సెకనుకు 300 పిక్సెళ్లు. గురుత్వం ఆ వేగాన్ని ప్రతి సెకనుకూ 900 చొప్పున తగ్గిస్తుంది. వేగం వర్గాన్ని గురుత్వానికి రెట్టింపుతో భాగిస్తే ఎత్తు వస్తుంది: 90,000ను 1,800తో భాగిస్తే 50 పిక్సెళ్లు. ఇంటర్లో మనందరం ఈ సూత్రం బట్టీ పట్టాం. ఇలాంటి గేమ్ ఒకటి చూపించి చెప్పి ఉంటే జన్మలో మరిచిపోయేవాళ్లం కాదు.

ఇప్పుడు గాల్లో రెండోసారి నొక్కుదాం. శిఖరం దగ్గర, అంటే వేగం సున్నా అయినప్పుడు నొక్కితే రెండు గుర్తులూ ఒకే ఫలితం ఇస్తాయి: 50 మీద మరో 50, మొత్తం 100. లేచిన 0.1 సెకనుకే తొందరపడి నొక్కితే? అప్పటికి బొమ్మ 25 పిక్సెళ్ల పైన ఉంది, వేగం ఇంకా 210 ఉంది. `=` పాత వేగాన్ని చెరిపేసి 300 పెడుతుంది, కాబట్టి మొత్తం ఎత్తు సుమారు 75. `+=` అయితే 210కి 300 కలిసి 510 అవుతుంది. ఎత్తు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కదా, బొమ్మ ఏకంగా 170 దాకా పోతుంది. వాడు ఆకాశానికి ఎగురుతోందన్నది దీన్నే.

పడిపోతూ కంగారులో నొక్కినప్పుడు పరిస్థితి పూర్తిగా తిరగబడుతుంది. బయల్దేరిన మట్టానికి వచ్చేసరికి బొమ్మ 300 వేగంతో కిందికి దిగుతోంది. `+=` పెడితే కిందికి ఉన్న 300, పైకి ఇచ్చిన 300 కొట్టేసుకుని సున్నా మిగులుతుంది. బొమ్మ ఒక్క క్షణం ఆగి మళ్లీ పడిపోతుంది. `=` పెడితే అక్కడి నుంచి నిండుగా 50 లేస్తుంది. డబుల్ జంప్ ఉన్నదే చేసిన తప్పు దిద్దుకోవడానికి. అవసరం ఎక్కువగా ఉన్న క్షణంలో చెయ్యిచ్చే గెంతు దేనికి? అందుకే నా ఓటు `=`కే.

  

వాల్ జంప్‌లో చెరిపివేత అడ్డంగా కూడా జరుగుతుంది. 2018లో వచ్చిన సెలెస్ట్ గేమ్ తయారీదారులు ఆటగాడి కదలికల కోడ్‌ను బయటపెట్టారు. అందులో నేల మీది గెంతు ఇది:

```
Speed.X += JumpHBoost * moveX;
Speed.Y = JumpSpeed;
```

గోడ మీది గెంతు ఇది:

```
Speed.X = WallJumpHSpeed * dir;
Speed.Y = JumpSpeed;
```

నిలువు వేగానికి రెండు చోట్లా `=` ఉంది. అడ్డం వేగానికి మాత్రం నేల మీద `+=`, గోడ మీద `=`. గోడ దగ్గరికి ఎలా వచ్చినా, అవతలికి సెకనుకు 130 పిక్సెళ్ల వేగంతో నెట్టేస్తుంది. దిశ బటన్ నొక్కి ఉంటే, తర్వాతి 0.16 సెకన్లు ఆట మన మాట వినదు, గోడకు దూరంగానే నడిపిస్తుంది. ఆలోపు బొమ్మ 17 పిక్సెళ్లు, అంటే ఆ గేమ్ గళ్లలో రెండుకు కాస్త ఎక్కువ దూరం జరిగిపోతుంది. ఈ బిగింపు లేకపోతే గోడవైపు నొక్కి పట్టుకుని, బటన్ టకటకా కొడుతూ ఒకే గోడ మీద పైదాకా పాకేయొచ్చు. దిశ బటన్ వదిలేసి గెంతితే సెలెస్ట్‌లో ఈ బిగింపు పడదు. ఆ సందు పట్టుకుని ఒకే గోడ ఎక్కేవాళ్లు ఉన్నారు, దాన్ని న్యూట్రల్ జంప్ అంటారు.

మొమెంటమ్ అంటే పైన అడ్డం వేగానికి పెట్టిన ఆ `+=`. అప్పటిదాకా పరిగెత్తింది చెరిగిపోకుండా గెంతులోకి వస్తుంది. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌లో ఇది నిలువు వేగానికీ పాకింది: వేగంగా పరిగెత్తి గెంతితే దూరమే కాదు, ఎత్తు కూడా పెరుగుతుంది. దీని ఇబ్బంది లెవెల్ గీసేవాడికి. `=` డబుల్ జంప్ ఉంటే 100 పిక్సెళ్లకు మించి ఎవరూ ఎక్కలేరని ముందే తెలుసు, గట్టును 110లో పెడితే అది మూసిన తలుపే. మొమెంటమ్ ఉంటే గోతి వెడల్పుతో పాటు దాని ముందు పరుగుకు ఎంత నేల ఉందో కూడా కొలవాలి.

మావాడు నిలువు వేగానికి `=` పెట్టి, అడ్డం వేగాన్ని ముట్టుకోకుండా వదిలేశాడు. బొమ్మ ఎగిరిపోవడం ఆగింది. ఇప్పుడు తన మూడో లెవెల్లో గోతి ముందున్న నేల చాలట్లేదని, దాన్ని నాలుగు గళ్లు వెనక్కి పెంచుతున్నాడు.