'కున్' నుంచి 'సాన్'కి: జపాన్ పిలుపుల గొడవ ఎక్కడ మొదలైంది?

జపాన్ ప్రాథమిక బడుల్లో మగపిల్లల పేరు చివర 'కున్', ఆడపిల్లల పేరు చివర 'సాన్' చేర్చి పిలవడం పాత అలవాటు. ఇప్పుడు చాలా బడులు అందరినీ 'సాన్' అనే పిలవమని టీచర్లకు చెబుతున్నాయి. దాని మీద వాదన మళ్లీ రాజుకుంది. అయితే ఈ తగువు మూలం బడిలో కాదు, పార్లమెంటులో కనిపిస్తుంది.

1993 ఆగస్టులో తకాకో దోయ్ దిగువ సభ స్పీకర్ అయ్యారు. ఆ పదవికి వచ్చిన తొలి మహిళ ఆమె. అంతవరకు స్పీకర్లు ప్రధానితో సహా సభ్యులందరినీ, ఆడవాళ్లనైనా సరే, 'కున్' అనే పిలిచేవారు. దోయ్ 'సాన్' అని పిలవడం మొదలుపెట్టారు. ఇందుకోసం ఏ నిబంధనా మార్చలేదు. సభ్యులు ఒకరినొకరు గౌరవంగా సంబోధించుకోవాలని సభా నియమం చెబుతుంది, ఏ మాటతో అన్నది చెప్పదు.

సంప్రదాయం కావాలనేవారు 'కున్'లో చిన్నచూపు లేదంటారు. పంతొమ్మిదో శతాబ్దంలో హగి పట్టణంలో యోషిదా షోయిన్ అనే గురువు నడిపిన బడిలో, పుట్టుకలోని హెచ్చుతగ్గులు పక్కనపెట్టి శిష్యులు ఒకరినొకరు 'కున్' అనుకునేవారని చెబుతారు. అక్కడ చదివిన ఇతో హిరోబుమి, జపాన్ తొలి ప్రధాని, 1890లో తొలి పార్లమెంటు ఎగువ సభకు అధ్యక్షుడయ్యారు. ఆ పిలుపు అలా సభకు చేరిందంటారు.

ఆ కథలో నిజం ఉండొచ్చు. కానీ ఆ తర్వాత 'కున్' నడిచిన దారి వేరు. ఆఫీసులో తనాకా అనే కుర్రాడిని మేనేజరు 'తనాకా-కున్' అంటాడు. తనాకా తిరిగి మేనేజరును 'కున్' అనలేడు, హోదా పేరుతోనో 'సాన్'తోనో పిలవాలి. పక్క సీట్లో అదే హోదాలో ఉన్న అమ్మాయి మేనేజరుకు చాలాసార్లు 'సాన్'. కొన్నేళ్లకు తనాకాయే ఆ మేనేజరుకు పైఅధికారి అయితే, నిన్నటి 'కున్' నోట్లోనే ఆగిపోతుంది. అంటే ఆ పిలుపు పైనుంచి కిందికే, అదీ ఎక్కువగా మగవాళ్లకే. 'సాన్'కు ఈ చిక్కు లేదు. అది మన 'గారు' లాంటిదే అయినా ఇంకా విశాలం, బడిపిల్లలకూ నప్పుతుంది. అందుకే దోయ్ చేసింది సరైన పని. బడులు ఇప్పుడు అందుకుంటున్నదీ ఆ దారినే.

ఆమె 1996లో దిగిపోయాక సభలో 'కున్' తిరిగొచ్చింది. వాదన మాత్రం ఆగలేదు, 'సెన్‌సెయ్' దాకా పాకింది. గురువుకు, డాక్టరుకు, లాయరుకు వాడే ఈ గౌరవాన్ని రాజకీయ నాయకులకూ ఇవ్వడం అక్కడ మామూలే. 2022లో ఒసాకా ప్రిఫెక్చర్ శాసనసభ, సభ్యులను ఇకపై అలా పిలవొద్దని నిర్ణయించింది. తాము ప్రత్యేకమన్న భావన ఆ పిలుపుతోనే సభ్యుల్లో పెరుగుతుందన్నది అక్కడ వినిపించిన అభ్యంతరం. దోయ్ కింది నుంచి పైకి సరిచేస్తే, ఒసాకా పైనుంచి కిందికి సరిచేసింది. ఇద్దరూ నడిచింది సమానత్వం వైపే.